ఫెర్రిటిన్ 22,400 అంటే ఒంట్లో ఐరన్ ఎక్కువైనట్టా? హెచ్‌ఎల్‌హెచ్ గురించి ఒక జవాబు

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. పదమూడు రోజులుగా జ్వరం తగ్గట్లేదు. మొదట డెంగ్యూ అన్నారు. ఇప్పుడు ప్లేట్‌లెట్లు 38 వేలు, తెల్లకణాలు 1,600, ఫెర్రిటిన్ 22,400. హెచ్‌ఎల్‌హెచ్ అంటున్నారు. బోన్ మారో తీయాలి, అవసరమైతే కీమో మందు కూడా ఇవ్వాలి అంటున్నారు. ఐరన్ అంత ఎక్కువైతే రక్తకణాలు తగ్గిపోతాయా? ఇది బ్లడ్ క్యాన్సరా? హైదరాబాద్‌లోనే ఆస్పత్రిలో ఉన్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

కణాలు తగ్గింది ఐరన్ వల్ల కాదండీ. అంత ఫెర్రిటిన్ వచ్చిందంటే ఐరన్ పేరుకుపోయిందని అర్థం కాదు, రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని కణాలు అదుపు తప్పాయని అర్థం. ఆ కణాలే రక్తకణాలనూ తగ్గిస్తున్నాయి. అంటే ఫెర్రిటిన్ పెరగడం, కణాలు తగ్గడం రెండూ ఒకే కారణం నుంచి వచ్చినవి. ఒకదాని వల్ల ఇంకొకటి రాలేదు.

హెచ్‌ఎల్‌హెచ్, అంటే హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్, దానంతట అది క్యాన్సర్ కాదు. కానీ కొందరిలో దాని వెనక లింఫోమా అనే క్యాన్సర్ దాక్కుని ఉంటుంది. మరికొందరిలో ఒక ఇన్ఫెక్షన్ ఉంటుంది, ఇంకొందరిలో పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఉంటుంది. బోన్ మారో తీయాలన్నది ముఖ్యంగా ఆ వెనక ఉన్నదాన్ని వెతకడానికే. మీ డాక్టర్లు సరైన దారిలోనే ఉన్నట్టు కనిపిస్తోంది. ఇది చికిత్స ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చే జబ్బు. సమయానికి కారణం దొరికితే పూర్తిగా కోలుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. మీ తమ్ముణ్ణి నేను చూడలేదు కాబట్టి మందుల నిర్ణయం అక్కడి డాక్టర్లదే. వాళ్లు చెప్పేది మీకు అర్థమయ్యేలా, వాళ్లను ఏం అడగాలో తెలిసేలా నాకు తెలిసింది రాస్తాను. నేను ఇదే ఊళ్లో రక్త సంబంధ జబ్బులకు వైద్యం చేస్తాను.

అసలు లోపల ఏం జరుగుతోంది

ఒక వైరస్ ఒంట్లోకి వచ్చిందనుకోండి. క్రిములనూ పాత కణాలనూ మింగే మాక్రోఫేజ్‌లు, వాటి జాతికే చెందిన మరికొన్ని కణాలు ఆ వైరస్ ముక్కను టీ కణాలు అనే తెల్లకణాలకు చూపిస్తాయి. టీ కణం మేల్కొని, తనలాంటివి వేలల్లో తయారై, వైరస్ సోకిన కణాలను వెతికి చంపుతుంది. చంపడానికి దాని దగ్గర పెర్ఫోరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఎదుటి కణానికి అతుక్కుని పెర్ఫోరిన్‌తో దాని గోడకు రంధ్రం చేస్తుంది. ఆ దారిన గ్రాంజైమ్ అనే ఇంకో ప్రోటీన్‌ను లోపలికి పంపుతుంది. ఎదుటి కణం నిమిషాల్లో కూలిపోతుంది. టీ కణం విడివడి ముందుకు పోతుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ చంపడమే పోరాటానికి ముగింపు కూడా. ఎదుటి కణం చచ్చిపోతేనే టీ కణానికి దాని నుంచి అందే సంకేతం ఆగుతుంది. తనను మేల్కొల్పిన కణాలను కూడా టీ కణం చివరికి చంపేస్తుంది కాబట్టి కొత్త టీ కణాలను రెచ్చగొట్టేవాళ్లు మిగలరు. అలా అంతా సద్దుమణుగుతుంది.

పెర్ఫోరిన్ పనిచేయకపోతే టీ కణం ఎదుటి కణాన్ని పట్టుకుంటుంది గానీ చంపలేదు. విడివడనూ లేదు. ప్రయోగశాలలో చూస్తే ఆ అతుక్కుని ఉండే సమయం దాదాపు ఐదు రెట్లు పెరిగింది. అతుక్కున్నంత సేపూ టీ కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతూనే ఉంటుంది. అది మాక్రోఫేజ్‌లకు పని చేయమని చెప్పే ఆజ్ఞ లాంటిది. అవి మరింత రెచ్చిపోయి తమ వంతుగా ఇంకొన్ని రసాయనాలు వదులుతాయి, వాటితో టీ కణాలు ఇంకా రెచ్చిపోతాయి. వైరస్ పోయినా ఈ చక్రం ఆగదు.

ఇది ఊహ కాదు. పసిపిల్లల్లో కుటుంబాల్లో నడిచే హెచ్‌ఎల్‌హెచ్‌కు పెర్ఫోరిన్ జన్యులోపం ఒక కారణమని 1999లో తేలింది. 2004లో పెర్ఫోరిన్ లేని ఎలుకలకు వైరస్ ఎక్కించి చూశారు. ఇంటర్‌ఫెరాన్ గామాను అడ్డుకుంటే ఆ ఎలుకలు బతికాయి. వైరస్‌ను చంపలేదు, కేవలం ఆ రసాయనాన్ని అడ్డుకున్నారు. అంటే ప్రాణం తీస్తున్నది వైరస్ కన్నా ఆగని ఈ స్పందనే.

పెద్దవాళ్లలో వచ్చే హెచ్‌ఎల్‌హెచ్‌లో చాలాసార్లు ఇంత స్పష్టమైన జన్యులోపం ఉండదు. అక్కడ రెచ్చగొట్టేది మరీ బలంగా, విడవకుండా ఉంటుంది. కణాల లోపల కాపురం పెట్టే ఇన్ఫెక్షన్, లింఫోమా, లూపస్ లాంటి జబ్బు ఏదైనా కావచ్చు. మొదలైన చోటు వేరైనా చేరేది ఇదే చక్రంలోకి.

మీ చేతిలోని రిపోర్టుల్లో ఇది ఎలా కనిపిస్తుంది

ఫెర్రిటిన్ అనేది ఐరన్‌ను దాచుకునే డబ్బా లాంటి ప్రోటీన్. మాక్రోఫేజ్‌లు పాత ఎర్రకణాలను మింగి వాటిలోని ఐరన్‌ను ఇందులో దాస్తుంటాయి. అవి రెచ్చిపోయినప్పుడు ఈ డబ్బాలను విపరీతంగా తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. డబ్బాలు ఎక్కువయ్యాయంటే సరుకు ఎక్కువైందని కాదు. ఇలాంటి రోగుల్లో రక్తంలో తిరిగే ఐరన్ చాలాసార్లు తక్కువగానే ఉంటుంది. కాబట్టి ఐరన్ తగ్గించే మందులు అక్కర్లేదు, ఆకుకూరలు మానక్కర్లేదు. ప్రతి కుటుంబమూ నన్ను ఇదే అడుగుతుంది, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

అంకె విషయంలో ఒక జాగ్రత్త. వాడుకలో ఉన్న ప్రమాణాల్లో ఫెర్రిటిన్ హద్దు 500 మాత్రమే. కానీ పెద్దవాళ్ల వార్డులో 500 దాటినవాళ్లు ప్రతి గదిలోనూ ఉంటారు. 10,000 దాటితే నేను హెచ్‌ఎల్‌హెచ్ గురించి గట్టిగా ఆలోచిస్తాను, అయినా అదొక్కటే చూసి తేల్చను. లివర్ బాగా దెబ్బతిన్నా, కిడ్నీలు పాడైనా, ఎక్కువసార్లు రక్తం ఎక్కించినా ఆ అంకె వేలల్లోకి వెళ్తుంది. ఇంకో చిన్న విషయం: కొన్ని ల్యాబుల్లో మెషిన్ పరిమితి వల్ల ‘2,000 కంటే ఎక్కువ’ అని మాత్రమే వస్తుంది. అప్పుడు శాంపిల్‌ను డైల్యూట్ చేసి అసలు అంకె ఇవ్వమని అడగాలి. ఈ రోజు 22,000 ఉందా, 2,200 ఉందా అన్నది తెలియకపోతే రేపటి అంకెను దేనితో పోల్చాలి?

కణాలు తగ్గడానికి మూడు దారులు ఉన్నాయి. ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్‌ఎఫ్ అనే రసాయనాలు మజ్జలో కొత్త కణాల తయారీని అణచివేస్తాయి. ఉబ్బిన ప్లీహం ఉన్న కణాలను తనలో ఆపేసుకుంటుంది. ఇక రెచ్చిపోయిన మాక్రోఫేజ్‌లు బతికి ఉన్న కణాలనే మింగేస్తాయి. జబ్బు పేరులోని ‘హీమోఫాగోసైటిక్’ అన్న మాట ఆ మూడో దారిని చూసి పెట్టిందే. మారో స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఒక పెద్ద కణం, దాని పొట్టలో నాలుగైదు ఎర్రకణాలు, పక్కనే సగం జీర్ణమైన ఒక తెల్లకణం కనిపిస్తాయి. మొదటిసారి చూసిన రోజు నేను ఐపీస్ మీద నుంచి కళ్లు తీయలేకపోయాను.

అయినా ఆ దృశ్యానికి అతిగా విలువ ఇవ్వకూడదు. జబ్బు మొదట్లో మారోలో అది కనిపించకపోవచ్చు. హెచ్‌ఎల్‌హెచ్ లేనివాళ్లలో, రక్తం ఎక్కించాక, కాస్త కనిపించవచ్చు. ‘మారోలో హీమోఫాగోసైటోసిస్ లేదు కాబట్టి హెచ్‌ఎల్‌హెచ్ కాదు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నేను ఫెర్రిటిన్ కన్నా ముందు చూసే జంట ఒకటుంది: ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ. మామూలు ఇన్ఫెక్షన్‌లో రెండూ కలిసి పెరుగుతాయి. హెచ్‌ఎల్‌హెచ్‌లో సీఆర్‌పీ ఎక్కువగానే ఉండి ఈఎస్‌ఆర్ పడిపోతుంటుంది. ఎందుకంటే ఈఎస్‌ఆర్‌ను పెంచేది ముఖ్యంగా ఫైబ్రినోజెన్ అనే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్. ఈ జబ్బులో రక్తపు గడ్డలను కరిగించే వ్యవస్థ అతిగా పనిచేసి, లివర్ కూడా దెబ్బతిని, ఫైబ్రినోజెన్ ఖర్చైపోతుంది. జ్వరం మండిపోతుంటే ఈఎస్‌ఆర్ ‘నార్మల్’ వచ్చిందని సంతోషించేవాళ్లను చూశాను. అది భయపడాల్సిన నార్మల్. ఫైబ్రినోజెన్ పరీక్ష ఈ ఊళ్లో చాలా ల్యాబుల్లో ఆ రోజే వస్తుంది. ఇంకా చేయించకపోతే ఈ రోజే చేయించమనండి, దాంతోపాటు ట్రైగ్లిజరైడ్స్ కూడా. రక్తంలోని కొవ్వును కరిగించే ఎంజైమ్‌ను టీఎన్‌ఎఫ్ అడ్డుకుంటుంది కాబట్టి పది రోజులుగా సరిగ్గా తినని మనిషిలో కూడా ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి.

డెంగ్యూ అని ఎందుకు పొరబడతారు, ఎక్కడ తేడా తెలుస్తుంది

వానాకాలంలో హైదరాబాద్‌లో జ్వరం, తక్కువ ప్లేట్‌లెట్లు కనిపిస్తే డెంగ్యూ అనుకోవడంలో తప్పు లేదు. చాలాసార్లు అదే నిజం. డెంగ్యూలో కూడా ఫెర్రిటిన్ వేలల్లోకి వెళ్తుంది. తేడా రోజుల లెక్కలో ఉంది. డెంగ్యూలో సాధారణంగా జ్వరం నాలుగో రోజుకూ ఏడో రోజుకూ మధ్య దిగిపోతుంది. ప్లేట్‌లెట్లు బాగా పడేది దాదాపు ఆ సమయంలోనే, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో పైకి లేస్తాయి. జ్వరం ఎనిమిదో రోజు దాటి, పదో రోజు దాటి అలాగే ఉంటూ, ప్లేట్‌లెట్లతో పాటు హిమోగ్లోబిన్ కూడా దిగుతుంటే అది మామూలు డెంగ్యూ నడక కాదు. డెంగ్యూయే హెచ్‌ఎల్‌హెచ్‌ను రేపి ఉండాలి, లేదా అసలు జబ్బు వేరే ఉండాలి. మీ తమ్ముడిది పదమూడో రోజు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు

కొన్నేళ్ల కిందట అక్టోబరులో వికారాబాద్ వైపు పల్లె నుంచి నలభై రెండేళ్ల ఆవిడను తీసుకొచ్చారు. పత్తి ఏరే పని. పదకొండు రోజుల జ్వరం, 103 డిగ్రీలు. వేరే చోట డెంగ్యూ అని రెండుసార్లు ప్లేట్‌లెట్లు ఎక్కించారు, అవి నిలవలేదు. మా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ 8.6, ప్లేట్‌లెట్లు 41 వేలు, తెల్లకణాలు 2,100. ఫెర్రిటిన్ 14,800. సీఆర్‌పీ 140 ఉంటే ఈఎస్‌ఆర్ 9. ఫైబ్రినోజెన్ 128, ట్రైగ్లిజరైడ్స్ 342. పొట్ట తడిమితే పక్కటెముకల కింద ప్లీహం రెండు వేళ్ల మేర చేతికి తగిలింది.

హెచ్‌ఎల్‌హెచ్ 2004 ప్రమాణాల్లో ఎనిమిది అంశాలు ఉన్నాయి, ఐదు కలిస్తే చాలు. ఆవిడ లెక్క ఇలా వచ్చింది: జ్వరం ఒకటి, ప్లీహం పెరగడం రెండు, హిమోగ్లోబిన్ 9 కన్నా తక్కువ, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తక్కువ కాబట్టి కణాలు తగ్గడం మూడు. ట్రైగ్లిజరైడ్స్ 265 దాటడం, ఫైబ్రినోజెన్ 150కి లోపు ఉండటం రెండూ కలిపి ఒకే అంశం, అది నాలుగు. ఫెర్రిటిన్ ఐదు. మారో రిపోర్టు రాకముందే, టీ కణాలు ఎంత రెచ్చిపోయాయో చెప్పే సీడీ25 పరీక్షను బయటి ల్యాబుకు పంపకముందే మంచం పక్కన నిలబడి లెక్క పూర్తయింది. పెద్దవాళ్లకు హెచ్ స్కోర్ అనే ఇంకో లెక్క కూడా ఉంది, అది 169 దాటితే అనుమానం బలపడుతుంది. ఆవిడకు అదీ దాటింది.

పేరు దొరికింది, కారణం దొరకలేదు. సాయంత్రం ఆవిడను తల నుంచి కాలి వరకు మళ్లీ చూద్దామని మా సీనియర్ నర్సును వెంటబెట్టుకుని వెళ్లాను. చెవుల వెనక, చంకలు, రొమ్ముల కింద, అన్నీ చూశాం. లంగా బొందు వదులు చేయగానే నర్సు, “మేడమ్, ఇక్కడ చూడండి” అంది. నడుము మడతలో కందిగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ సన్నగా ఎర్రటి అంచు. సిగరెట్ చురక పెట్టినట్టు ఉంది. నొప్పి లేదు, దురద లేదు. “బొందు ఒరుసుకుందేమో అనుకున్న మేడం” అంది ఆవిడ.

అది స్క్రబ్ టైఫస్ అనే ఇన్ఫెక్షన్ మచ్చ. పొలాల్లో, పొదల్లో ఉండే నల్లి లాంటి చాలా చిన్న పురుగు పిల్ల కుట్టిన చోట వస్తుంది. బొందు బిగించే చోటు, చంక, గజ్జ, ఇలా బట్ట అదిమి పట్టి చెమట ఉండే చోట్లే దానికి ఇష్టం. కాబట్టి మామూలు పరీక్షలో అది కనబడదు, వెతికితేనే దొరుకుతుంది. రక్తంలో స్క్రబ్‌కు చేసే ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ వచ్చింది. మచ్చ లేకపోయినంత మాత్రాన స్క్రబ్ కాదని అనలేం, చాలామందిలో మచ్చ దొరకదు.

డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు నరంలోకి మొదలుపెట్టాం. జబ్బు తీవ్రంగా ఉంది కాబట్టి అజిత్రోమైసిన్ కూడా కలిపాం. అప్పుడు నా ముందున్న ప్రశ్న ఆ ఆగని స్పందనను అణిచే స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది. ఆవిడ స్పృహలో ఉంది, ఊపిరి బాగుంది, మూత్రం వస్తోంది, ఎక్కడా రక్తం కారడం లేదు. కారణం చేతికి దొరికింది, దానికి మందు ఉంది. అందుకని 48 గంటలు ఆగి చూద్దామనుకున్నాం. పన్నెండు గంటలకోసారి కణాలు, ఫైబ్రినోజెన్ చూస్తూ, ఒక్క అవయవం పని తగ్గినా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాలని కేస్ షీట్‌లో రాసి పెట్టాం.

ముప్పై ఆరో గంటకు జ్వరం దిగింది. మూడో రోజు ఫెర్రిటిన్ 9,100, ప్లేట్‌లెట్లు 58 వేలు. వారానికి ఫెర్రిటిన్ 2,300కు వచ్చింది. ఒక్క డోసు స్టెరాయిడ్ గానీ, కీమో మందు గానీ అవసరం పడలేదు. రెచ్చగొట్టేదాన్ని తీసేస్తే చక్రం దానంతట అదే ఆగింది. అందరిలోనూ ఇలా జరగదు. మీ తమ్ముడి ఒంటి మీద ఎవరూ ఇలా వెతకకపోతే ఈ రోజే వెతకమని అడగండి. ఈ మధ్య పొలానికి, ట్రెక్కింగ్‌కు, ఊరి బయట గడ్డిలోకి వెళ్లి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

స్టెరాయిడ్ ముందా, బయాప్సీ ముందా

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నేను ఒక మనిషిని పోగొట్టుకున్నాను. ముప్పై ఏళ్లవాడు, మూడు వారాల జ్వరం. మా దగ్గరికి వచ్చేసరికే వేరే ఆస్పత్రిలో ఐదు రోజులు స్టెరాయిడ్ ఇచ్చి ఉన్నారు. జ్వరం దిగింది, ఫెర్రిటిన్ సగానికి వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇక్కడ చేసిన మారోలో ఏమీ దొరకలేదు. మెడలో ఉన్న చిన్న గడ్డ కూడా కరిగిపోయింది. ఇంటికి పంపాం. స్టెరాయిడ్ తగ్గించిన మూడో వారంలో జబ్బు రెట్టింపు బలంతో తిరిగొచ్చింది. ఈసారి తీసిన బయాప్సీలో లింఫోమా స్పష్టంగా ఉంది, కానీ కీమో తట్టుకునే స్థితి అతనికి అప్పటికి లేదు. లింఫోమా కణాలను కూడా స్టెరాయిడ్ కొన్ని రోజులు కరిగించేస్తుంది. ‘జ్వరం తగ్గింది’ అన్న మాటను నేనూ నమ్మాను. గడ్డ కరిగిందని విన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కాబట్టి వీలైతే స్టెరాయిడ్ మొదటి డోసుకు ముందే మారో తీయాలి. చేతికి అందే గడ్డ ఏదైనా ఉంటే బయాప్సీ కూడా తీయాలి. మారో తీయడం అరగంట పని. ప్లేట్‌లెట్లు 38 వేలు ఉన్నా తుంటి ఎముక నుంచి తీయవచ్చు, తర్వాత ఆ చోటును గట్టిగా నొక్కి పట్టుకుంటారు. ఆ శాంపిల్‌ను టీబీకి, కల్చర్‌కు కూడా పంపమని అడగండి. మన దగ్గర టీబీ హెచ్‌ఎల్‌హెచ్‌కు కారణం కావడం అరుదేమీ కాదు, కప్పి ఉన్న టీబీని వట్టి స్టెరాయిడ్‌తో వదిలేస్తే విజృంభిస్తుంది. ఈబీవీ వైరస్ ఎంత ఉందో రక్తంలో పీసీఆర్ పరీక్షతో చూడాలి. హెచ్‌ఐవీ చూడాలి. మీరు గానీ తమ్ముడు గానీ బిహార్, జార్ఖండ్ వైపు ఉండి ఉంటే కాలా అజార్ అనే ఇన్ఫెక్షన్ కూడా చూడాలి. కారణం దొరక్కపోతే పెట్ సీటీ అడుగుతారు.

అయితే దీనికి హద్దు ఉంది. మనిషి మగతలోకి జారుతున్నా, బీపీ పడుతున్నా, ఫైబ్రినోజెన్ గంటగంటకూ దిగుతున్నా రిపోర్టుల కోసం ఆగకూడదు. శాంపిళ్లు తీసి, అదే పూట డెక్సామెథాసోన్ మొదలుపెడతారు. మామూలు లెక్క ఒంటి వైశాల్యం ప్రకారం చదరపు మీటరుకు రోజుకు 10 మిల్లీగ్రాములు. మీ తమ్ముడి వయసు కుర్రాడికి సుమారు 16 నుంచి 18 మిల్లీగ్రాములు అవుతుంది.

క్యాన్సర్ కాకపోతే కీమో మందు ఎందుకు

వాళ్లు చెప్పిన మందు ఎటోపోసైడ్ అయి ఉంటుంది. హెచ్‌ఎల్‌హెచ్‌లో దాన్ని వాడేది క్యాన్సర్ కణాల కోసం కాదు. రెచ్చిపోయి వేగంగా పెరుగుతున్న టీ కణాలను అది ఏరినట్టు తగ్గిస్తుంది, నిద్రలో ఉన్న టీ కణాల జోలికి అంతగా పోదు. 1994లో మొదలైన చికిత్సా పద్ధతిలో స్టెరాయిడ్‌తో పాటు ఇదే ముఖ్యమైన మందు, పిల్లల్లో ఈ జబ్బు దశ మార్చింది ఆ పద్ధతే. పెద్దవాళ్లలో చాలామందికి తక్కువ డోసు, వారానికి ఒకసారి సరిపోతుంది.

‘తెల్లకణాలు 1,600 ఉంటే కీమో ఎలా ఇస్తారు?’ అని మీకు అనిపించవచ్చు. ఆ కణాలు తగ్గింది జబ్బు వల్ల కాబట్టి జబ్బు అదుపులోకి వస్తేనే అవి పెరుగుతాయి. ఆ కారణంతో మందు ఆపడం చాలాసార్లు పొరపాటు అవుతుంది. స్క్రబ్, డెంగ్యూ లాంటి కారణాల్లో మాత్రం దాని దాకా వెళ్లాల్సిన అవసరం అరుదు. ఈబీవీ బలంగా ఉన్నా, స్టెరాయిడ్‌తో రెండు మూడు రోజుల్లో మార్పు లేకపోయినా నేను ఆలస్యం చేయను. డాక్టర్‌ను మీరు అడగాల్సిన ప్రశ్న ‘ఇవ్వాలా వద్దా’ కాదు, ‘ఏ మార్పు కనిపిస్తే ఇస్తారు, ఎన్ని గంటలు చూస్తారు’ అన్నది.

మీ కుటుంబం గురించి ఒక మాట

మీ అమ్మానాన్నలది మేనరికమా? మన వైపు మేనమామ, మేనకోడలు పెళ్లిళ్లు, బావామరదళ్ల పెళ్లిళ్లు ఎక్కువ కాబట్టి నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను. పెర్ఫోరిన్ లాంటి లోపాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే జబ్బుగా బయటపడతాయి. పూర్తి లోపమైతే పసితనంలోనే కనిపిస్తుంది, కొంత పనిచేసే లోపమైతే ఇరవైల్లో ఏదో ఒక వైరస్ వచ్చినప్పుడు మొదటిసారి బయటపడవచ్చు. ఇంట్లో చంటిపిల్లలెవరైనా జ్వరం, పొట్ట ఉబ్బరంతో పోయారా అని అమ్మను నెమ్మదిగా అడగండి. చాలామంది ఆ సంగతి తమంతట తాము చెప్పరు.

అలాంటిది ఉంటే రక్తంలో పెర్ఫోరిన్ పరీక్ష, జన్యు పరీక్ష చేయిస్తారు. జన్యులోపం తేలితే మందులతో అణిగినా జబ్బు తిరిగి వస్తుంది, శాశ్వత పరిష్కారం మూలకణాల మార్పిడి. అప్పుడు దాతగా మొదట మీ వైపే చూస్తారు. కానీ ముందు మీకు కూడా అదే లోపం ఉందేమో పరీక్షించాలి. ఇది ఈ రోజు పని కాదు, శాంపిల్ పంపడం మాత్రం రక్తం ఎక్కించకముందు అయితే మంచిది.

మంచం పక్కన మీరు గమనించాల్సినవి

మాటలో తడబాటు, పిలిస్తే ఆలస్యంగా పలకడం, చేయి వణకడం కనిపిస్తే ఆ క్షణమే చెప్పండి. ఈ జబ్బు మెదడునూ పట్టుకుంటుంది, మొదట గుర్తుపట్టేది ఇంటివాళ్లే. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మూత్రం తగ్గడం కూడా అంతే. ప్లేట్‌లెట్లు ఎన్ని ఎక్కించినా నిలవడం లేదని కంగారు పడకండి, అవి మాక్రోఫేజ్‌ల పాలవుతాయి. రక్తస్రావం ఉంటేనో, ఏదైనా సూది గుచ్చే పని ఉంటేనో ఎక్కించడం సబబు. ఫైబ్రినోజెన్ మరీ తక్కువై రక్తం కారుతుంటే ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే క్రయోప్రెసిపిటేట్ అనే రక్తభాగం ఇస్తారు, దాని కోసం బ్లడ్ బ్యాంకులో ముందే మాట్లాడి పెట్టుకోండి.

మందులు మొదలయ్యాక రెండో వారంలో జ్వరం మళ్లీ వస్తే రెండు అర్థాలు ఉంటాయి: జబ్బు తిరగబెట్టడం, లేదా తగ్గిన నిరోధకతలో కొత్త ఇన్ఫెక్షన్ రావడం, ముఖ్యంగా ఫంగస్. రెండింటికీ చికిత్స వేర్వేరు దిక్కుల్లో ఉంటుంది. ఫెర్రిటిన్ దిగుతూనే ఉండి జ్వరం వస్తే నేను ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతాను. ఫెర్రిటిన్ కూడా మళ్లీ ఎక్కి ఫైబ్రినోజెన్ పడితే జబ్బే అనుకుంటాను. అందుకని అంకెలన్నీ తేదీలతో ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. డ్యూటీ డాక్టర్లు మారినప్పుడు ఆ కాగితం చాలా పనికొస్తుంది.

ఫైబ్రినోజెన్, ట్రైగ్లిజరైడ్స్, ఈఎస్‌ఆర్, ప్లీహం సైజు, స్క్రబ్ ఐజీఎం, ఈబీవీ పీసీఆర్ వచ్చాక ఇక్కడ పెట్టండి. స్టెరాయిడ్ ఇప్పటికే ఇచ్చారా, ఏ రోజు మొదలుపెట్టారు అన్నది కూడా రాయండి. రాత్రి పది తర్వాత రోజూ చూస్తాను.